స్కోరు చూసి శిక్ష వేయొద్దు, పిల్లల్ని పిలిచి మాట్లాడండి

పీజీ ప్రాజెక్టు రిపోర్టుల సమర్పణకు ముందు జరిగిన అధ్యాపకుల సమావేశంలో అకడమిక్ డీన్ ప్రసంగం

రిజిస్ట్రార్ గారికి, విభాగాధిపతులకు, అధ్యాపక మిత్రులకు, ఈ ఏడాదే మనతో చేరిన గెస్ట్ ఫ్యాకల్టీకి, లైబ్రరీ సిబ్బందికి నమస్కారం.

వచ్చే నెల ప్రాజెక్టు రిపోర్టులు మన టేబుళ్ల మీదికి వస్తాయి. ప్రతి రిపోర్టుతో పాటు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రెండు అంకెలు కూడా వస్తాయి. ఒకటి సిమిలారిటీ శాతం, ఇంకొకటి ఏఐ శాతం. ఈరోజు ఆ రెండు అంకెల గురించే మాట్లాడదామని మిమ్మల్ని పిలిచాను. ముందు నిర్ణయం చెప్పేస్తాను. ఏఐ స్కోరు ఒక్కటే ఆధారంగా ఏ విద్యార్థికీ మార్కులు కోయడం గానీ, రిపోర్టు తిప్పి కొట్టడం గానీ, కమిటీకి ఫిర్యాదు రాయడం గానీ ఇకమీద ఉండదు. సర్క్యులర్ ఈ వారంలోనే మీకు అందుతుంది. అయితే సర్క్యులర్ వచ్చింది కాబట్టి పాటించడం వేరు, ఎందుకో తెలిసి పాటించడం వేరు. ఆ ఎందుకు అన్నది మీతో నేరుగా మాట్లాడాలనిపించింది.

ఈ రెండు అంకెలనూ చాలామంది ఒకే గాట కట్టేస్తున్నారు. సిమిలారిటీ రిపోర్టులో రంగు పడిన వాక్యం మీద క్లిక్ చేస్తే అది ఏ వ్యాసంతో, ఏ థీసిస్‌తో కలుస్తోందో కనిపిస్తుంది. అసలు పాఠం, విద్యార్థి రాసిన పాఠం పక్కపక్కన పెట్టుకుని మనమే తేల్చుకోవచ్చు. ఏఐ స్కోరుకు అలాంటి మూలం ఏదీ ఉండదు. తర్వాత ఏ మాట వస్తుందో తేలిగ్గా ఊహించగలిగేలా వాక్యాలు సాగినా, వాక్యాల పొడవులో పెద్దగా తేడా లేకపోయినా, ఇది మెషిన్ రాసి ఉండొచ్చు అని ఆ టూల్ అంచనా కడుతుంది. అది అంచనా మాత్రమే. 80 శాతం అని చూపించినంత మాత్రాన ఆ పిల్లవాడు మోసం చేసి ఉండే అవకాశం 80 శాతం అని కాదు.

ఇక్కడే మన పిల్లల సంగతి వస్తుంది. మన క్యాంపస్‌లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిష్‌కు మారినవాళ్లు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లు. వాళ్లకు ఇంగ్లిష్ ఎలా వచ్చింది? గైడ్లలోంచి, నోట్సులోంచి, మనం బోర్డు మీద రాసిన వాక్యాల్లోంచి. 'ది ప్రెజెంట్ స్టడీ వాజ్ క్యారీడ్ అవుట్' అని మొదలుపెట్టమని మనమే కదా నేర్పాం! తప్పు పోతుందేమోనన్న భయంతో వాళ్లు తెలిసిన మాటలే వాడతారు, తెలిసిన పద్ధతిలోనే వాక్యం కడతారు. డిటెక్టర్ అనుమానించేది సరిగ్గా అలాంటి రాతనే.

ఇది నా ఊహ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి మెషిన్ రాసినవిగా ముద్ర వేశాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు ఎక్కడా పొరబడలేదు. ఛాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అదే ఏడాది జనవరి చివర్లో సొంత డిటెక్టర్ విడుదల చేసి, కచ్చితత్వం లేదని జూలైలో ఆపేసింది. తయారుచేసినవాళ్లే గుర్తుపట్టలేకపోయినదాన్ని మనం ఒక అంకె చూసి తేల్చేస్తామా?

తర్వాత వచ్చిన టూల్స్ మెరుగుపడ్డాయని, పొరపాటు ఒక్క శాతం లోపేనని కంపెనీలు అంటున్నాయి. సరే, ఆ మాటే నిజమనుకుందాం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఇదే లెక్క వేసుకుంది. 2022లో వాళ్లు సాఫ్ట్‌వేర్‌కు పంపినవి 75,000 పేపర్లు. ఒక్క శాతం పొరపాటైనా 750 పేపర్ల మీద తప్పుడు ముద్ర పడి ఉండేది. అందుకే 2023 ఆగస్టులో ఏఐ డిటెక్టర్‌ను ఆపేశారు. మన దగ్గర వెయ్యి రిపోర్టులు నిజాయితీగా రాసినవి ఉంటే అందులో పదిమంది దోషులుగా కనిపిస్తారు. ఆ పదిమంది ఎవరో మనకు ముందుగా తెలియదు. మెరిట్‌లో ఉన్న అమ్మాయి కావచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నెట్టుకొస్తున్న కుర్రాడు కావచ్చు. 2024లో ఒక న్యాయ విద్యార్థి, తన జవాబులు 88 శాతం ఏఐ రాసినవేనంటూ ఫెయిల్ చేశారని పంజాబ్-హర్యానా హైకోర్టుకు వెళ్లాడు. ఆ తర్వాత యూనివర్సిటీ అతన్ని పాస్ చేసింది. అతను చట్టం తెలిసినవాడు, కోర్టు మెట్లెక్కగలిగాడు. మన హాస్టల్ పిల్లల్లో ఆ పని చేయగలిగేది ఎందరు? మాట్లాడకుండా ఊరికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

యూజీసీ 2018 నిబంధనల గురించి కూడా స్పష్టంగా ఉందాం. 10 శాతం వరకు సున్నా స్థాయి, శిక్ష లేదు, 10 దాటి 40 వరకు ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి, 40 దాటి 60 వరకు ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వకుండా ఆపాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ స్థాయిలన్నీ సిమిలారిటీకి సంబంధించినవి. వాటిలో ఏఐ ప్రస్తావనే లేదు. 'ఏఐ 45 వచ్చింది, రెండో స్థాయి' అని ఎవరైనా నోట్ పెడితే ఆ నోట్ చెల్లదు. సిమిలారిటీ విషయంలోనూ రిఫరెన్సులు, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోంచి తీసేయాలి. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరుసగా 14 పదాల వరకు ఉన్నా తీసేయాలి. ఈ సెట్టింగులు పెట్టకుండా వచ్చిన శాతాన్ని చూసి పిల్లల్ని తిడుతున్న సందర్భాలు నా దృష్టికి వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యం, విచారణ చేసే ప్యానెల్ సహజ న్యాయ సూత్రాలు పాటించాలని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే పిల్లవాడి మాట వినకుండా తీర్పు లేదు.

పోయిన సెమిస్టర్‌లో బాటనీలో జరిగినది చెబుతాను. మార్కాపురం వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, నల్లమల అంచు గ్రామాల్లో వాడే మందు మొక్కల మీద ప్రాజెక్టు. సిమిలారిటీ 34, ఏఐ 72. ఆ రెండు అంకెలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వాళ్ల గైడ్ మేడమ్ ఏ నోటీసూ ఇవ్వలేదు. అమ్మాయిని తన గదికి పిలిచి, కూర్చోబెట్టి, 'నీ ఫీల్డ్ నోట్‌బుక్ తెచ్చావా అమ్మా?' అని అడిగారు. ఆ నోట్‌బుక్ నేనూ చూశాను. మొక్కల పేర్లు తెలుగులో, వాటి కింద శాస్త్రీయ నామాలు, ఏ ముసలమ్మ ఏ ఆకు దేనికి నూరుతుందని చెప్పిందో పెన్సిల్‌తో రాసుకున్న వివరాలు, కొన్ని పేజీల్లో ఎండిన ఆకులు. సిమిలారిటీ 34లో అధిక భాగం మొక్కల పేర్లు, అందరూ ఒకేలా రాసే ప్రయోగ పద్ధతులు. ఇక ఏఐ 72? ఆ అమ్మాయి సీనియర్ల రిపోర్టులు ముందు పెట్టుకుని అదే మూసలో వాక్యాలు రాసుకుంది. మేడమ్ తెలుగులో ప్రశ్నలడిగితే అరగంట ఆగకుండా మాట్లాడింది. ఆ అంకెలే నమ్మి ఉంటే ఆ ఏడాది ఫీల్డ్ వర్క్‌లో అంత మంచి పని చేసిన విద్యార్థినిని మనం దొంగ అనేవాళ్లం.

మోసం జరగడం లేదని నేను అనడం లేదు. జరుగుతోంది, నాకూ కోపం వస్తుంది. కామర్స్‌లో ఒక రిపోర్టుకు ఏఐ స్కోరు దాదాపు సున్నా వచ్చింది. కానీ సార్ ఓపిగ్గా చదివితే చివర ఇచ్చిన రిఫరెన్సుల్లో నాలుగు అసలు లేనే లేవు. పత్రిక పేరు నిజమే, ఆ సంచికలో ఆ వ్యాసం మాత్రం లేదు. 'ఇది ఎక్కడ చదివావు నాయనా?' అంటే కుర్రాడు తల దించుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. పట్టుకున్నది మెషిన్ కాదు, చదివిన మాస్టారు. ఆ కుర్రాడికి మళ్లీ రాసే అవకాశం ఇచ్చాం, ఈసారి తనే రాశాడు.

అలిపిరి దగ్గర స్కానర్ కూత పెడితే బ్యాగు తెరిచి చూస్తారు, మనిషిని జైలుకు పంపరు. స్కోరు ఎక్కువ వచ్చినప్పుడు మనమూ అలాగే తెరిచి చూడాలి. ముందు రిపోర్టు మీరు పూర్తిగా చదవండి. రిఫరెన్సులు నాలుగైదు వెతికి చూడండి. డేటా షీట్లు, డ్రాఫ్టులు, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ తెప్పించుకోండి. తర్వాత ఒంటరిగా పిలిచి మాట్లాడండి, తెలుగులో మాట్లాడనివ్వండి. ఇంగ్లిష్‌లో తడబడినవాడు విషయం తెలియనివాడు కాదు. 'నువ్వు ఏఐతో రాయించావా?' అని మొదలుపెట్టకండి. 'ఈ అధ్యాయం ఎలా రాశావో చెప్పు' అని అడగండి. తోడు కావాలంటే స్నేహితుడినో ఇంకో టీచర్‌నో తెచ్చుకోనివ్వండి. భాష సరిదిద్దడానికి ఏదైనా టూల్ వాడానని చెబితే, అది వాడొద్దని మీ విభాగం నియమాల్లో ముందే చెప్పారో లేదో చూసుకోండి. చెప్పకుండా పెట్టిన నియమానికి శిక్ష వేయలేం.

కొన్ని పనులు అసలు చేయొద్దని కోరుతున్నాను. విద్యార్థి రాసినదాన్ని దారిన దొరికిన ఉచిత వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేయొద్దు. అది ఎక్కడ నిల్వ ఉంటుందో మనకు తెలియదు, అది వాళ్ల సొత్తు. ఛాట్‌బాట్‌లో పేస్ట్ చేసి 'ఇది నువ్వే రాశావా' అని అడగొద్దు, ఆ జవాబుకు ఏ విలువా లేదు. స్కోర్ల స్క్రీన్‌షాట్లు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. విచారణ తేలకముందే తల్లిదండ్రులకు ఫోన్ చేయొద్దు. పొలంలో ఉన్న తండ్రికి 'మీ అమ్మాయి కాపీ కొట్టింది' అన్న ఒక్క మాట చేరితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ పిల్ల ఎలా ఉంటుందో కూడా తెలుసు.

ఇంకో బాధ ఉంది. క్యాంపస్ గేటు బయట జిరాక్స్ షాపుల్లో ప్లేజియరిజం తగ్గిస్తామంటూ డబ్బు తీసుకుంటున్నారు. వాళ్లు చేసేది మంచి వాక్యాన్ని చెడగొట్టడమే. 'ముందు పది శాతం లోపు తీసుకురా, తర్వాత చూస్తా' అని మనం అన్న ప్రతిసారీ పిల్లల్ని ఆ షాపులకు పంపుతున్నట్టే. అంకె తగ్గించమని చెప్పకండి, ఏ పేరా ఎందుకు బాగాలేదో చూపించండి.

ఇవన్నీ చేయాలంటే టైమ్ కావాలని నాకు తెలుసు. ఒక్కొక్కరి దగ్గర పదిహేను మంది, ఇరవై మంది విద్యార్థులు, పైన నాక్ గుర్తింపు పని. అందుకే రిపోర్టుల గడువుకూ వైవాకూ మధ్య ఇంకో వారం కలిపాం. అనుమానం ఉన్న రిపోర్టులకు పావుగంట అదనపు వైవా టైమ్‌టేబుల్‌లోనే పెట్టాం. గెస్ట్ ఫ్యాకల్టీకి ఆ గంటలకు కూడా రెమ్యునరేషన్ ఇస్తాం, ఫైలు ఇప్పటికే కదిలింది. కమిటీకి పంపే ప్రతి కేసులో స్కోరు కాకుండా ఇంకేం ఆధారం దొరికిందో, విద్యార్థి ఏం చెప్పాడో మీ చేతిరాతతో ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ లేని ఫైలు నా దగ్గరికి వస్తే వెనక్కి పంపుతాను.

ఫారం నమూనాలు బయట టేబుల్ మీద ఉన్నాయి. తెలుగు విభాగం వారికి ఒక మాట, మన టూల్‌లో ఏఐ గుర్తింపు తెలుగుకు లేదు. కాబట్టి తెలుగు సిద్ధాంత వ్యాసాలకు ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, వింటాను. అభ్యంతరాలు ఉంటే ముందు అవే చెప్పండి.