పెళ్లికొడుకు ఫ్రెండుగారికి జవాబు

పెళ్లికొడుకు ఫ్రెండుగారూ,

రాత్రి మీ మెసేజ్ చూడక కాదు, ఇప్పుడు జవాబిస్తున్నది. అప్పుడే చూశాను. వెంటనే ఇస్తే అలుసైపోతానని మా పిన్ని కూతురు ఫోన్ లాగేసుకుంది.

"ఆ చీరకి మీ వల్లే అందం వచ్చింది" అన్నారు. థాంక్సండీ. ఎవరైనా ఇలా అంటే "అబ్బే, పాత చీరండీ" అనేయడం మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారికి అనను. బాగున్నానని నాకూ అనిపించింది, అద్దం ముందు ముప్పావు గంట ఊరికే పోలేదు మరి! కాకపోతే మీ పొగడ్తలో వాటాదార్లున్నారు. మంగళగిరి చీర, నిజాం అంచు, అది మా అమ్మది. కుచ్చిళ్లు సర్దింది పిన్ని కూతురు. ఇక నాకు మిగిలింది ఆ నవ్వొక్కటే. దానికి కారణం మీరే.

జీలకర్ర బెల్లం టైముకి అడ్డుతెర ఒక కొస మీ చేతిలో పెట్టారు కదా. మీరేమో ఇటు చూస్తూ దాన్ని మెల్లగా కిందికి జార్చేశారు. "బాబూ, తెర!" అని పంతులుగారు గదమాయించేసరికి పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే పెళ్లికూతుర్ని చూసేశాడు. మీరెటు చూస్తున్నారో నాకెలా తెలిసిందని మాత్రం అడక్కండి.

ఇక మాటల్లో నన్ను గెలవలేమన్నారు. అది ఒప్పుకోను. పూతరేకు ఒక్కటే తిన్నానని మీరు బుకాయిస్తే, "మీసం మీద పంచదార సాక్ష్యం చెబుతోంది" అన్నాను, నిజమే. వెంటనే మీరు "మీసం మా పార్టీ కాదండీ" అన్నారు చూడండి, అది గుర్తొచ్చి పడుకున్నాక కూడా నవ్వాను. పిన్ని కూతురు దుప్పటి లాగి మరీ తిట్టింది. ఆ పాయింటు మీదే, రాసుకోండి.

అయినా ఇంత చక్కగా నవ్వుతూ ఓడిపోయేవాళ్లతో ఇంకో ఆట ఆడాలనిపిస్తుంది. ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ వెళ్తానన్నారుగా? అది రాజమండ్రి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. సాయంత్రమంతా స్టేషన్‌లో కూర్చుని ఏం చేస్తారు? ఐదున్నరకి పుష్కర ఘాట్‌కి రండి. ముందు రోజ్‌మిల్క్, తర్వాత హారతి. రోజ్‌మిల్క్ డబ్బులు మాటల్లో ఓడినవాళ్లవి, కాబట్టి పర్సు మర్చిపోకండి. పిన్ని కూతురు కూడా వస్తానంటోంది. దానికి రెండు గ్లాసులు ఇప్పిస్తే కాస్త దూరంగా కూర్చుంటుందట, బేరం కుదిర్చాను.

అన్నట్టు, ఆ చీరలో ఫొటో ఉంటే పంపమన్నారు. పంపను. ఆదివారం వేరే చీర కడుతున్నా, దాని సంగతి ఎదురుగా చూసి చెప్పండి.