మేడ్చల్ ప్లాంటు సరుకు: లారీయా, రైలా? లెక్క ఏ దూరం దగ్గర మారుతుంది

డైరెక్టర్ గారికి,

మినరల్ మిక్చర్ బస్తాలను ఇకపై ఏ ఊరికి లారీలో పంపాలి, ఏ ఊరికి సనత్‌నగర్ కంటెయినర్ డిపో నుంచి రైల్లో పంపాలి అని మీరు అడిగారు. ఈ నెల మనకు వచ్చిన కొటేషన్ల మీద వేసిన లెక్క ఇది. నా అభిప్రాయం ముందే చెప్తాను: ఢిల్లీ, హర్యానా వైపు సరుకు రైలుకి మార్చాలి, మిగతాది లారీలోనే పోనివ్వాలి.

లారీకి దూరంతో సంబంధం లేని ఖర్చు టన్నుకి ₹400: లోడింగ్, కాగితాలకు 250, అక్కడ దింపడానికి 150. ఆపైన టన్ను-కిలోమీటరుకి ₹3.20. రైలుకి కూడా ఈ 400 ఉంటుంది. దానికి తోడు మేడ్చల్ నుంచి సనత్‌నగర్‌కి లారీ 300, రెండు డిపోల్లో హ్యాండ్లింగ్ 400, అటువైపు డిపో నుంచి కస్టమర్ గోడౌన్‌కి 350. మొత్తం ₹1,450. రైలెక్కాక మాత్రం టన్ను-కిలోమీటరుకి ₹1.70 చాలు.

400 + 3.20 × దూరం = 1,450 + 1.70 × దూరం
దూరం = 1,050 ÷ 1.50 = 700 కి.మీ.

చాలామంది ఇక్కడితో ఆపేసి, 700 దాటితే రైలే లాభం అంటారు. ఆ మాట పట్టుకుంటే ముంబై సరుకు కూడా రైలెక్కించి నష్టపోతాం, ఎందుకంటే ఈ లెక్కలో రెండు విషయాలు రాలేదు.

ఒకటి, ఆలస్యం. రైల్లో సరుకు చేరడానికి లారీ కంటే 4 రోజులు ఎక్కువ పడుతుందని పెట్టుకున్నాను. టన్ను సరుకు విలువ ₹60,000, మన సీసీ లిమిట్ వడ్డీ 12 శాతం. ఆ 4 రోజుల వడ్డీ టన్నుకి ₹79. రెండోది, దారి. రైలు మార్గం రోడ్డు కంటే సగటున 8 శాతం చుట్టు తిరుగుతుంది అనుకుంటే, రోడ్డు కిలోమీటరు లెక్కన రైలు రేటు 1.70 కాదు, ₹1.836 అవుతుంది.

(1,529 − 400) ÷ (3.20 − 1.836) = 828 కి.మీ.

మనం నమ్మాల్సిన అంకె ఇదే. ముంబై సుమారు 710 కి.మీ.: లారీకి టన్నుకి ₹2,672, రైలుకి ₹2,833. అంటే లారీయే ₹161 తక్కువ. ఢిల్లీ సుమారు 1,580 కి.మీ.: లారీకి ₹5,456, రైలుకి ₹4,430. 24 టన్నుల కంటెయినర్ ఒక్కదానికే దాదాపు ₹24,600 మిగులుతుంది. నాగపూర్, చెన్నై గురించి ఆలోచించనక్కర్లేదు, లారీయే.

నామక్కల్ సంగతి కాస్త ఆగి చూడాలి. అక్కడి కోళ్ల ఫారాలు మనకు మంచి కస్టమర్లు. దూరం 820 దగ్గర కాబట్టి కాగితం మీద రెండూ సమానంగానే కనిపిస్తాయి. కానీ కోయంబత్తూరు వైపు డిపోలో దింపితే అక్కడి నుంచి ఇంకా వంద కిలోమీటర్ల పైనే లారీ కట్టాలి. ఆ చిన్న దూరానికి లారీవాళ్లు ఖాళీగా తిరిగొచ్చే డబ్బు కూడా మన మీదే వేస్తారు. డెలివరీకి మనం పెట్టుకున్న ₹350 ఎక్కడా సరిపోదు. నామక్కల్‌కి లారీయే పంపుదాం.

డీజిల్ కంటే రిటర్న్ లోడ్ గురించే నాకు ఎక్కువ టెన్షన్. లారీ కిలోమీటరు రేటులో డీజిల్ వాటా 45 శాతం అనుకుని, డీజిల్ 10 శాతం పెరిగిందని చూస్తే, 828 కాస్తా 749కి దిగుతుంది. అదేమీ పెద్ద తేడా కాదు. కానీ ఢిల్లీ నుంచి సరుకు తెచ్చి ఇక్కడ ఖాళీగా నిలబడ్డ లారీవాడు ₹2.60కే వస్తానంటే, బ్రేక్ ఈవెన్ ఏకంగా 1,478 కి.మీ.కి పోతుంది. అప్పుడు ఢిల్లీకి కూడా రైలు లాభం టన్నుకి ₹78 మాత్రమే. అంత కొద్దిదానికి 4 రోజుల ఆలస్యం భరించాల్సిన పని లేదు. అందుకే ఢిల్లీ లోడు ఉన్న ప్రతి వారం, కంటెయినర్ బుక్ చేసే ముందు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో రిటర్న్ రేటు అడిగి తీరాలి.

కంటెయినర్ నిండకపోయినా లెక్క చెడుతుంది. డిపో హ్యాండ్లింగ్, రెండు వైపులా లారీ బాడుగ కంటెయినర్‌కి ఇంత అని ఉంటాయి, టన్నుకి కాదు. 24 టన్నుల చోట 18 వేస్తే ఆ ₹1,050 టన్నుకి ₹1,400 అవుతుంది. దూరం మీది రేటు మారదనుకున్నా, బ్రేక్ ఈవెన్ 1,084కి పెరుగుతుంది. కాబట్టి ఢిల్లీ, హర్యానా ఆర్డర్లు కలిపి 24 టన్నులు అయ్యాకే రైలు. అంతవరకూ ఆగలేని ఆర్డర్ ఉంటే లారీలో పంపేద్దాం.

ఇంకొక్కటి. పగలు సిటీలోకి లారీలకు ఆంక్షలు ఉన్నాయి కనుక సనత్‌నగర్ లోడు రాత్రే బయల్దేరాలి. లోడింగ్ సాయంత్రం షిఫ్టుకి మార్చడానికి, మొదటి రెండు కంటెయినర్లు ట్రయల్‌గా పంపడానికి మీ అనుమతి కావాలి. బస్తాల లోపల పాలిథిన్ లైనర్ తప్పనిసరి చేయమని ప్యాకింగ్ వాళ్లకు ఇప్పటికే చెప్పాను. డిపోలో రోజులు గడిస్తే మన సరుకు తేమ పట్టేస్తుంది.

డెస్పాచ్ విభాగం, మేడ్చల్