గురువారం రివ్యూ మీటింగ్ సోమవారం మధ్యాహ్నానికి మారింది

అందరికీ నమస్కారం,

ఈ గురువారం, 12వ తేదీ ఉదయం 10:30కి అనుకున్న క్వార్టర్లీ రివ్యూ మీటింగ్ ఆ రోజు ఉండదు. వచ్చే సోమవారం, 16వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు పెట్టుకుందాం. గది కూడా మారింది. మనం మామూలుగా కూర్చునే చిన్న గదిలో కాదు, మూడో అంతస్తులోని పెద్ద కాన్ఫరెన్స్ రూమ్‌లో. గంటన్నర పడుతుంది.

మార్చడానికి కారణం ఇది. సపోర్ట్ టికెట్ల డేటా పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారినప్పుడు కొన్ని టికెట్లు రెండుసార్లు ఎక్కాయని నిన్న సాయంత్రం తెలిసింది. దాంతో మన పెండింగ్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తోంది. టికెట్ పరిష్కారానికి పట్టిన సగటు సమయమూ తప్పుగా వస్తోంది. శుక్రవారం సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తామని డేటా టీమ్ వాళ్లు చెప్పారు. మూడు నెలలు మీరు చేసిన పనిని తప్పుడు లెక్కలతో మేనేజ్‌మెంట్ ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తప్పు అంకె ఒకసారి రిపోర్టులోకి వెళ్లిందంటే, తర్వాత ఎన్నిసార్లు సరిదిద్దినా చూసినవాళ్లకు మొదటిదే గుర్తుండిపోతుంది.

రెండు రోజుల ముందు ఇలా చెప్పడం మీకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు. గురువారం కోసం క్లయింట్ కాల్స్ పక్కకు జరుపుకున్నవాళ్లున్నారు, సెలవు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆదివారం కూర్చుని స్లైడ్లు పూర్తిచేసిన ఇద్దరి శ్రమ నేను మరిచిపోలేదు. మీటింగ్ తేదీ ఖరారు చేసేముందే నేను ఆ అంకెలు ఒకసారి సరిచూసుకుని ఉండాల్సింది. అది నా పొరపాటే, మన్నించండి.

స్లైడ్లు పంపేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. కొత్త లెక్కలు శుక్రవారం రాత్రికి షేర్డ్ ఫోల్డర్‌లో పెడతాను. శనివారం, ఆదివారం వాటి జోలికి వెళ్లకండి. సోమవారం మధ్యాహ్నం 12 లోపు అంకెలున్న పేజీ ఒక్కటి మార్చి పంపితే చాలు. ఆ రోజు ఉదయం స్టాండప్ కూడా తీసేశాను, ఆ సమయం దీనికి వాడుకోండి.

నైట్ షిఫ్ట్ వాళ్లకు మధ్యాహ్నం 3 అంటే నిద్ర చెడగొట్టుకోవడమే. మీరు ఆఫీసుకు రానవసరం లేదు. వీలైతే ఇంటి నుంచి కాల్‌లో కలవండి, కుదరకపోతే మీ తరఫున మీ షిఫ్ట్ లీడ్ మాట్లాడతారు. రికార్డింగ్ అదే రోజు సాయంత్రం పంపుతాను.

క్యాలెండర్‌లో పాత ఇన్వైట్ రద్దు చేసి కొత్తది పంపాను, దాన్ని యాక్సెప్ట్ చేయండి. సోమవారానికి ఇప్పటికే సెలవు పెట్టుకున్నవాళ్లు దాన్ని మార్చుకోవద్దు. రేపు సాయంత్రంలోగా నాకు ఒక మాట చెప్పండి, మీ భాగం గురించి శుక్రవారం విడిగా ఓ పావుగంట మాట్లాడుకుందాం. ఇంకేదైనా ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా నేరుగా ఫోన్ చేయండి.

సర్దుకుంటున్నందుకు అందరికీ కృతజ్ఞతలు.

మీ టీమ్ లీడ్