ఆ రాత్రి కుళాయి తిప్పుకుని కూర్చున్న నీకు

హైదరాబాద్,
14 జూన్ 2025, శనివారం రాత్రి

బుజ్జీ,

అమ్మ తప్ప నిన్నెవరూ ఇలా పిలవరు. ఇవాళ నాకు పిలవాలనిపించింది.

సరిగ్గా ఏడాది కిందట, కూకట్‌పల్లి హాస్టల్లో, ఏడుపు ఎవరికీ వినబడకూడదని కుళాయి తిప్పుకుని బాత్రూంలో కూర్చున్నావు. బకెట్ నిండి, పొంగి, నీళ్లు గడప దాటాయి. హాస్టల్ ఆంటీ తలుపు కొట్టి "నీళ్లు పోతున్నాయమ్మా" అంది. "సారీ ఆంటీ, చూసుకోలేదు" అన్నావు మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతు తెచ్చుకోవడానికి ఎంత కష్టపడ్డావో నాకొక్కదానికే తెలుసు.

నాలుగేళ్ల బంధం ఏడు నిమిషాల ఫోన్లో అయిపోయింది. "మా ఇంట్లో ఒప్పుకోవట్లేదు, నన్నేం చెయ్యమంటావు?" అంతే అతనన్నది.

తర్వాత మూడు వారాలు నువ్వు పెట్టిన మెసేజ్‌ల గురించే ఈ ఉత్తరం. "ఒక్కసారి మాట్లాడు చాలు." "మీ అమ్మగారితో నేనే మాట్లాడతా." "తిన్నావా?" నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. బాధ మెల్లగా తగ్గింది గానీ ఈ సిగ్గు మాత్రం నన్ను వదల్లేదు. ఆత్మాభిమానం లేదా నీకు అని ఎన్ని రాత్రులు తిట్టానో నిన్ను. నన్ను క్షమించు.

ఇవాళ తుడిచేద్దామని వాటిని తెరిచాను. చదువుతూ కూర్చుండిపోయాను. ఒక్క అబద్ధం లేదు, ఒక్క శాపనార్థం లేదు. చెయ్యి వదిలేస్తున్న మనిషిని కూడా తిన్నావా అని అడిగావు. దీనికా నేను సిగ్గుపడింది?

అతను చెడ్డవాడని చెప్పను. నీకు డెంగీ వచ్చినప్పుడు రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నదీ అతనే. వాళ్ల నాన్న ముందు మాత్రం నోరు పెగల్లేదు. అది అతని భయం. నువ్వేమో నీ కులం, నీ రంగు, నీ జీతం అన్నీ తూకం వేసుకుని, ఎక్కడ తక్కువయ్యానా అని వెతుక్కున్నావు. నువ్వెక్కడా తక్కువ కాలేదమ్మా.

అంతా మానిపోయిందని నీకు అబద్ధం చెప్పలేను. అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే అలాంటి గళ్ల చొక్కా కనబడితే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. రెండు స్టేషన్లు దాటాక సర్దుకుంటుంది. అప్పట్లో రోజంతా పట్టేది.

అమ్మకి ఎలా చెప్పాలా అని భయపడుతున్నావు కదూ? దసరాకి చెప్పేస్తావు. ఏమీ అడగదు. నూనె గిన్నె తెచ్చుకుని నీ వెనక కూర్చుంటుంది. జడ అల్లడం అయిపోయినా చాలాసేపు తల మీద చెయ్యి తియ్యదు. రేపు పొద్దున గౌతమిలో వస్తోంది, కొత్తావకాయ పట్టుకుని. నేను లింగంపల్లి వెళ్లాలి.

నువ్విక కుళాయి కట్టేసి బయటికి రా. రూమ్మేట్ అక్క నీ మంచం పక్కన పెరుగన్నం పెట్టి, నిద్రపోయినట్టు కళ్లు మూసుకుని పడుకుంది. నాలుగు ముద్దలు తిను.

నీ
నేను