సంక్రాంతి సెలవుల కవరు: ఒకటో తరగతి

అమ్మకు, నాన్నకు, సెలవుల్లో పిల్లల్ని చూసుకునే అమ్మమ్మలకు, తాతయ్యలకు

నమస్కారం. ఈ కవరులో నాలుగు కాగితాలు, మూరెడు పురికొస, ఒక చిన్న పెన్సిలు ఉన్నాయి. ఇది హోంవర్కు కాదు. రెండో తరగతి దాకా పిల్లలకు ఇంటిపని ఇవ్వకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. అది చెప్పకపోయినా నేను ఇచ్చేదాన్ని కాదు. ఒకటి నుంచి వంద దాకా పదిసార్లు రాయిస్తే పిల్లలకు చెయ్యి నొప్పి, మీకు తలనొప్పి, దిద్దడానికి నాకు ఒక పూట పని. అంతకుమించి ఏమీ ఉండదు.

పండగంటే మీలో చాలామందికి సెలవు కాదు, పని రెట్టింపు. కుట్టుమిషను ఉన్న ఇళ్లలో జాకెట్లు గుట్టలు పడి ఉంటాయి. కొట్టు నడిపేవాళ్లకు అన్నం తినే తీరిక దొరకదు. బస్సు నడిపేవాళ్లకు అదనపు ట్రిప్పులు. అందుకే ఇందులో ఏ పనికీ మీరు పిల్లల పక్కన కూర్చోనక్కర్లేదు. మీరు చేసుకుంటున్న పనిలోకి వాళ్లను కాసేపు రానివ్వండి, ఒక ప్రశ్న అడగండి, మీ పని కానివ్వండి. కొనవలసింది ఏదీ లేదు. చదవడం రాని నానమ్మ అయినా ఇవన్నీ చేయించగలదు. చుక్కల ముగ్గు విషయంలో ఆమే నాకంటే మంచి టీచరు.

అన్నీ పూర్తి చెయ్యాలని లేదు. వీటిలో రెండు జరిగినా సంతోషమే. ఒక్కటీ కుదరకపోతే కవరు అలాగే తిరిగి పంపండి, పిల్లల్ని ఏమీ అనను. ఒక్క విన్నపం: వాళ్ల బదులు మీరు చేసి పంపవద్దు. రాత్రి పదకొండింటికి నాన్న కత్తిరించి అతికించిన థర్మోకోల్ హరిదాసు బడికి వస్తే చూడటానికి బాగుంటాడు గాని, దానివల్ల నేర్చుకున్నది నాన్నే.

మన తరగతిలో సంక్రాంతి చేసుకునే ఇళ్లూ ఉన్నాయి, చేసుకోనివీ ఉన్నాయి. అరిసెల బదులు దోసెలు, ముగ్గు బదులు పలక మీద చుక్కలు. ఏదైనా సరే.

మొదటి కాగితం: చుక్కలు

(ఇక్కడి నుంచి పిల్లలకు. చదవడం కష్టమైతే ఎవరైనా చదివి వినిపించండి.)

ఈ చుక్కలు చూడు.

```
    •
   • •
  • • •
   • •
    •
```

మధ్య వరసలో మూడు. దాని పైన రెండు, ఆ పైన ఒకటి. కిందా అంతే. మొత్తం ఎన్ని? వేలు పెట్టి లెక్కపెట్టు.

ఇప్పుడు మధ్యలో అయిదు పెట్టి అలాగే వెయ్యి. అయిదుకు పైనా కిందా నాలుగు, తరవాత మూడు, రెండు, ఒకటి. నేల మీద ముగ్గుతో వేసినా సరే, పెన్సిలుతో వేసినా సరే, చింతగింజలు పేర్చినా సరే. ఒక వరస చుక్కలు రెండో వరసలోని సందుల్లోకి రావాలి. అదొక్కటే కిటుకు.

చుక్కలు అయ్యాక గీతలు నీ ఇష్టం. పువ్వు రావచ్చు, చేప రావచ్చు, ఏదీ రాకపోవచ్చు.

పెద్దలకు: మూడు చుక్కలతో మొదలైతే 9, అయిదుతో 25, ఏడుతో 49 వస్తాయి. ఇది పిల్లలకు చెప్పనక్కర్లేదు. "ఈ వరసలో ఎన్ని? దాని పైన ఒకటి తగ్గితే ఎన్ని?" అని ముగ్గు వేస్తూ అడిగితే చాలు. కూడికా తీసివేతా ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. ముగ్గు వంకరగా వస్తే చెరిపి దిద్దకండి. వాకిలి మధ్యలో మీది, పక్కన వాళ్లది. ఇద్దరికీ చోటు ఉంటుంది.

రెండో కాగితం: నువ్వే చదవాలి

ఇందులో ఒక్క ఒత్తు కూడా లేదు. నీకు వచ్చిన అక్షరాలే ఉన్నాయి. మెల్లగా చదువు. ఒక మాట దగ్గర ఆగిపోతే బొటనవేలితో సగం మూసి, మొదటి సగం చదివి, తరవాత మిగతాది చదువు.

తోక

సీత గాలిపటం చేసింది.
గాలిపటానికి తోక లేదు.
సీత మేడ మీదికి వెళితే బాగా గాలి వీచింది.
గాలిపటం గిరగిరా తిరిగింది. కింద పడింది.
"దీనికి తోక కావాలి" అంది సీత.
తాత పాత పంచె అంచు చింపాడు. గాలిపటానికి ముడి వేశాడు.
గాలిపటం పైకి లేచింది. తోక ఊగింది.
తోక ఊగుతూ ఊగుతూ గోడ పైకి వాలింది.
గోడ పైన మేక ఉంది.
మేక తోకను నోటితో లాగింది. నమిలింది.
"అది ఎవరి తోక?" అని అడిగాడు తాత.
"ఇంతకు ముందు గాలిపటానిది. ఇపుడు మేకది" అంది సీత.

పెద్దలకు: చదువుతుంటే మధ్యలో అందించకండి. అయిదు అంకెలు లెక్కపెట్టే దాకా ఆగండి. చాలాసార్లు వాళ్లే పలుకుతారు. "ఇప్పుడు" అనవలసిన చోట ఒత్తు తప్పించడానికి "ఇపుడు" అని రాశాను, అచ్చుతప్పు కాదు. పూర్తిగా చదవలేకపోతే మీరు ఒక వాక్యం, వాళ్లు ఒక వాక్యం. వంట చేస్తూ వినండి, పుస్తకంలోకి తొంగి చూడనక్కర్లేదు. తోక కట్టగానే గాలిపటం ఎందుకు లేచిందని అడిగితే, తోక బరువుకూ గాలి ఒరిపిడికీ అది అటూ ఇటూ తిరిగిపోకుండా నిలబడుతుందని చెప్పండి. ఓపిక ఉంటే ఒక సంచి కవరుకు దారం కట్టి, తోకతో ఒకసారి, తోక లేకుండా ఒకసారి పరుగెత్తించండి.

గాలిపటం ఎగరేస్తే మామూలు నూలు దారమే వాడండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. పిట్టల రెక్కలూ బండి మీద వెళ్లేవాళ్ల మెడలూ దానికి ఒకటే.

మూడో కాగితం: పండగ పనులు

ఇది చదివే కాగితం కాదు. గోడకు అంటించి, ఏది జరిగితే దాని పక్కన చిన్న సున్నా చుట్టు.

పురికొస. కవరులో ఉన్న దారం తీసుకో. ఇంట్లో దానికంటే పొడుగైనవి మూడు, పొట్టివి మూడు వెతుకు. గరిటె? చెరకు గడ? తాతయ్య చెప్పు? సరిగ్గా దారమంతే ఉన్నది ఒక్కటైనా దొరికితే నాకు చెప్పాలి. నాకు ఇంతవరకు దొరకలేదు.

చిల్లర. భోగిపళ్లు పోసిన తరవాత నాణేలు ఏరి మూడు కుప్పలు పెట్టు: రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయలు. ఏ కుప్పలో ఎక్కువ నాణేలు ఉన్నాయి? ఏ కుప్పలో ఎక్కువ డబ్బు ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే కాకపోవచ్చు. (పెద్దలకు: చిన్న తమ్ముడో చెల్లో ఉంటే నాణేలు, రేగిగింజలు ముందు ఏరేయండి, నోట్లోకి పోకుండా.)

బస్సు. ఊరు వెళ్తే బస్సు మీద ఊరి పేరు చదువు. మొత్తం రాకపోతే మొదటి అక్షరం. "ఎక్స్‌ప్రెస్" అన్న మాట జోలికి పోకు, అది పెద్దలకే కష్టం. టికెట్టు దాచి నాకు చూపించు, దాని మీద అంకెలు వెతుకుదాం.

అరిసెలు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అరిసెలు చేసే రోజు ఇంట్లో జరిగేంత సైన్సు ఒకటో తరగతి పుస్తకంలో లేదు. పొయ్యి దగ్గరికి మాత్రం రావద్దు, అమ్మ పక్కన గడప మీద కూర్చో. బెల్లం ముందు రాయిలా ఉంటుంది, తరవాత నీళ్లలా అవుతుంది, తరవాత బుడగలు బుడగలుగా పొంగుతుంది. పాకం వచ్చిందో లేదో చూడటానికి అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేస్తుంది కదా, అప్పుడు నీకు పని. ఆ చుక్క నీళ్లలో కలిసిపోయిందా, సాగిందా, వేళ్ల మధ్య ఉండ కట్టిందా? ముందు వేసిన చుక్కకూ తరవాత వేసిన చుక్కకూ తేడా ఏమిటి? చల్లారిన ఉండను వేలితో నొక్కి చూడు, తరవాత నోట్లో వేసుకో. పిండి కలిపాక చల్లారిన ముద్ద మీద నువ్వులు అద్దడం నీ పనే అని అమ్మతో ముందే మాట తీసుకో.

(పెద్దలకు: ఆ సమయంలో మీకు మాట్లాడే తీరిక ఉండదని తెలుసు. "ఉండ కట్టిందా?" అని ఒక్కసారి వాళ్లను అడగండి. మీకు ముందే తెలిసినా అడగండి. బజారులో కొన్న అరిసెలైతే టీలో చక్కెర ఎలా మాయమవుతుందో చూపించినా ఇదే పాఠం.)

వాకిట్లోకి వచ్చినవాళ్లు. హరిదాసు, గంగిరెద్దులవాళ్లు వస్తే వాళ్ల దగ్గర వినిపించిన శబ్దాలు గుర్తుపెట్టుకో. చిడతలు ఎలా మోగాయి, సన్నాయి ఎలా మోగింది? బడికి వచ్చాక నోటితో చేసి వినిపించాలి.

కోడిపందేల బరి దగ్గరికి లెక్కలు నేర్పడానికి తీసుకెళ్లామని ఎవరూ నాకు చెప్పవద్దు. ఇది పెద్దలకు.

నాలుగో కాగితం: రాత్రి పడుకునే ముందు

పొడుపు కథలు. దీపం ఆర్పేశాక కూడా ఆడుకోవచ్చు, కాగితం అక్కర్లేదు. రోజుకు ఒకటే. వెంటనే జవాబు చెప్పెయ్యకండి, తెల్లారేదాకా ఆలోచించనివ్వండి.

కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు. ఏమిటవి?

అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది. ఏమిటది?

చేత్తో చల్లుతాం, నోటితో ఏరుతాం. ఏమిటవి?

నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిద అయినాను. నేనెవరిని? (భోగిమంట దగ్గర చుట్టూ చూడు.)

ఇవి అయిపోతే అమ్మమ్మను అడుగు. ఆమె దగ్గర ఇంకా ఉంటాయి. నాకు తెలియనిది ఒకటి పట్టుకొస్తే తరగతి మొత్తం ముందు నన్నే అడగవచ్చు. నేను చెప్పలేకపోతే ఆ రోజు గంట కొట్టే పని నీది.

బడి తెరిచే రోజు ఏం తేవాలి

ఒక్కటే. నీ గుప్పెట్లో పట్టేది ఏదైనా. బస్సు టికెట్టు, చెరకు ముక్క, గాలిపటం చిరుగు, నువ్వులు రాలిన అరిసె తునక, దారిలో దొరికిన ఈక. అది ఎక్కడిదో నాలుగు మాటల్లో చెప్పాలి. రాయక్కర్లేదు. పురికొస కూడా తిరిగి తీసుకురా, వచ్చే నెల కొలతల పాఠానికి కావాలి.

పెద్దలకు: పిల్లలు చెప్పేటప్పుడు మీరు నేర్పిన వాక్యాలు కాకుండా వాళ్ల సొంత మాటలే రానివ్వండి. సంతకం పెట్టే చోటు ఎక్కడా లేదు, వెతకకండి.

మీ పిల్లల ఒకటో తరగతి టీచరు

జవాబులు (కాగితం మడిచి ఉంచండి): కనురెప్పలు. కవ్వం. అక్షరాలు. పిడక.