ఒంగోలు జాతి పశువుల ఆడియో కథనం: చదివే అక్కకి ఉచ్చారణ నోట్సు

అక్కా, రికార్డింగుకి ముందు ఇది ఒకసారి పైకి చదువుకోండి. పోయిన భాగంలో ఒకే ఊరి పేరు మూడు రకాలుగా వచ్చింది. ఆ ఊరి పెద్దాయన ఒకరు ఫోన్ చేసి "మా ఊరి పేరే సరిగా పలకకపోతే ఇంకేం చెప్తారమ్మా" అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది.

కరవది. ఒంగోలు పక్కనున్న ఊరు. నాలుగూ హ్రస్వాలే, "ర" మింగొద్దు. ఇక్కడే ఒక చిక్కుంది. 1960ల్లో బ్రెజిల్ వెళ్లిన పేరున్న గిత్తకి ఈ ఊరి పేరే అక్కడ కర్వాడి అయింది. ఊరు వచ్చిన చోట కరవది, గిత్త వచ్చిన చోట కర్వాడి. ఏడో పేజీలో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి, మధ్యలో కాస్త ఆగండి. బ్రెజిల్ రైతు గొంతులో మాత్రం "కర్వాజి" అని వినపడుతుంది. వాళ్ల పోర్చుగీసులో "ది" చాలాచోట్ల "జి" అవుతుంది. ఆయన్ని అనుకరించొద్దు.

నెల్లూరు, నెలోరి. ఊరికి రెండు లకారాలు. బ్రెజిల్లో మన పశువులకు పెట్టిన పేరుకి ఒక్కటే. "లో" నొక్కి పలకండి, చివర "రి" తేలిగ్గా. "నెల్లోర్" అని ఎక్కడా రాకూడదు.

జెబూ. మూపురం ఉన్న పశువులన్నిటికీ ఈ పేరు. ఇంగ్లిషువాళ్లలా "జీబూ" అనకండి, కథ బ్రెజిల్‌ది. అమెరికా జాతి బ్రామన్. అలవాటుకొద్దీ "బ్రాహ్మణ" అని నోటికొస్తుంది, చూసుకోండి.

వియాటినా-19. బ్రెజిల్లోని నెలోరి ఆవు పేరు. అక్కడివాళ్లు "వియాచీనా" అంటారు. మన పేపర్లు చదివినవాళ్లకి ఆ పలుకు అందదు కాబట్టి వియాటినా అనే ఉంచుదాం. అంకె తెలుగులో: వియాటినా పంతొమ్మిది. దాని బరువు 1,101 కిలోలు, "వెయ్యీ నూట ఒక్క కిలోలు" అనండి.

ఉబెరాబా, మీనాస్ జెరైస్. జెబూ పెంపకానికి పేరుపడిన ఊరు, అది ఉన్న రాష్ట్రం. "జెరాయిస్" కాదు.

పొడి అక్షరాల పేర్లు: ఐ.సి.ఎ.ఆర్., ఐ.వి.ఎఫ్. అక్షరం అక్షరంగా. ఏ.బీ.సీ.జెడ్. మొదటిసారి వచ్చినప్పుడు "బ్రెజిల్ జెబూ పెంపకందారుల సంఘం" అని కలిపి, తర్వాత అక్షరాలు చాలు. ఇస్రో ఒక్కటే మాటలా.

గుండ్లకమ్మ. ఒకే ఊపులో. "గుండ్ల, కమ్మ" అని విరిస్తే ఏటి పేరు పోయి ఇంకేదో అయిపోతుంది. చదలవాడ అనే ఊరి పేరులో "ద" దగ్గర గొంతు పెంచకండి. గిత్తలో ఒత్తు గట్టిగా పడాలి. "గీత" లాగా వినపడిన చోటల్లా మళ్లీ చదివిద్దాం.

పక్కన పెన్సిల్ గీత ఉన్న మాటలే ముందు విడిగా ఒక్కో టేకు ఇవ్వండి. అవి ఫోన్లో ఉంచుకుంటే పదిరోజుల తర్వాత రెండో విడత రికార్డింగులోనూ గొంతు ఒకేలా వస్తుంది.