గడియారం సెల్లు, టార్చి సెల్లు, మన బడి మీది ట్యాంకు

పెద్దలకు, తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మూడో బల్ల మీద తొమ్మిదో తరగతివాళ్లు రెండు నీళ్ల సీసాలు వేలాడదీశారు. రెండింటికీ ఒకే రకం సెలైన్ గొట్టం. మొదటిది కిటికీ పైన, రెండోది మోకాలి ఎత్తున. పైసీసా నీరు దూరంగా చిమ్ముతోంది, కిందిసీసాది గొట్టం అంచునే కారుతోంది. సీసాల్లో నీళ్లు సమానమే. తేడా అంతా ఎత్తులో ఉంది.

నీరు పల్లమెరుగు అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడ నిలబెట్టిన ఎత్తు వల్లే నీరు కాలువల వెంట పల్లానికి పారి మన చేలకు చేరుతోంది. బ్యాటరీలో ఆ ఎత్తు పేరు వోల్టేజి. పారే నీటిలాంటిది కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. సన్నని గొట్టం నీటిని అడ్డుకున్నట్టు తీగ చూపే అడ్డు నిరోధం. ఎత్తు పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, అడ్డు పెరిగితే తగ్గుతుంది. మీరు పుస్తకంలో చదివే V = IR ఇదే.

కుళాయి కట్టేసినా గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కదా! కొట్లో అట్టపెట్టెలో ఉన్న సెల్లుకూ 1.5 వోల్టులు ఉంటాయి. కరెంటు మాత్రం సున్నా.

ఇప్పుడు ఈ రెండు సెల్లులు చూడండి. నా వేలంత ఉన్నది గోడ గడియారంలోది, లావుపాటిది పాత టార్చిలోది. రెండూ 1.5 వోల్టులే! ఒకే ఎత్తున్న రెండు ట్యాంకులు, ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. లావుపాటిది ఎక్కువసేపు వస్తుంది, అంతే. మరి వేలంత సెల్లులు ఎనిమిదిని వరుసగా కలిపితే 12 వోల్టులు వస్తాయి, దాంతో కారు స్టార్టవుతుందా? కాదు. ఎత్తు సరిపోయినా వాటి లోపలి నిరోధం ఎక్కువ. అంత ఎత్తు ట్యాంకుకు సూదిమొనంత రంధ్రం పెట్టినట్టు. కారు స్టార్టరు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఒక జాగ్రత్త. ట్యాంకు ఖాళీ అయినట్టు బ్యాటరీలో ఎలక్ట్రాన్లు అయిపోవు. ఒక కొస నుంచి ఎన్ని బయలుదేరితే రెండో కొసకు అన్నీ తిరిగి వస్తాయి. అయిపోయేది లోపలి రసాయనాల శక్తి. అందుకే, కింద పడిన నీటిని మళ్లీ పైకి తోడే మోటారు కూడా ఆ ట్యాంకులోనే ఉందనుకోండి. ఇంకో తేడా, గొట్టం కోస్తే నీరు కారిపోతుంది. తీగ తెగితే కరెంటు కారదు, ఆగిపోతుంది.

ఇక మూడో బల్ల దగ్గరికి రండి. కిటికీ మీది సీసాను మెల్లగా దించుతూ, నీటి ధార ఎక్కడ పడుతోందో సుద్దతో గుర్తులు పెట్టండి.